ఎఫ్‌ఏసీ ఉత్తర్వులో ఏం రాశారు: పై పోస్టు జీతం గొడవ వెనుక కథ

మండల విద్యాధికారి కుర్చీలో ఏళ్ల తరబడి ఓ హెడ్‌మాస్టరే కూర్చోవడం తెలుగు రాష్ట్రాల్లో కొత్తేమీ కాదు. సర్వీస్ రూల్స్ వివాదాలు కోర్టుల్లో నలుగుతుంటే ప్రమోషన్లు ఆగిపోతాయి, పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఫైళ్లు మాత్రం ఆగవు కాబట్టి ‘ఎఫ్‌ఏసీ’, అంటే పూర్తి అదనపు బాధ్యత అనో, ‘ఇన్‌ఛార్జి’ అనో ఓ ఉత్తర్వు వస్తుంది. జీతం దగ్గరికి వచ్చేసరికి గొడవంతా ఆ ఉత్తర్వులోని మాటల మీదే నడుస్తుంది.

దీని మూలం 1922 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్‌లో ఉంది. అందులో 49వ రూలు రెండు పోస్టుల బాధ్యత గురించి చెబుతుంది. కేంద్ర ఉద్యోగుల విషయంలో దాని సారం ఇదీ: అదే ఆఫీసులో, అదే ప్రమోషన్ వరుసలో ఉన్న పై పోస్టుకు పూర్తి బాధ్యతతో లాంఛనంగా నియమిస్తే ఆ పోస్టులో తాత్కాలికంగా పనిచేసేవారికి వచ్చే ఆఫిషియేటింగ్ జీతం ఇవ్వాలి. వేరే ఆఫీసుదో, వేరే వరుసదో అయితే అదనపు పోస్టులోనే ఉంటే వచ్చేదని లెక్కించే ఊహాజీతంలో 10 శాతం వస్తుంది. అదీ మామూలుగా మూడు నెలల వరకే. ‘కరెంట్ డ్యూటీస్’ అని, అంటే రోజువారీ పనులు మాత్రమే చూడమని రాస్తే ఎన్నేళ్లు చూసినా పైసా రాదు. రాష్ట్రాల రేట్లు, గడువులు వేరుగా ఉన్నా పూర్తి ఛార్జికీ కరెంట్ డ్యూటీస్‌కీ మధ్య ఈ గీత అక్కడా ఉంది.

ఆ గీత ఖరీదెంతో చూడండి. ఏడో వేతన సంఘం పట్టికలో లెవెల్ 6లో 35,400 బేసిక్ తీసుకునే ఉద్యోగిని తన వరుసలోనే లెవెల్ 7 పోస్టుకు పూర్తి ఛార్జితో నియమించారనుకుందాం. ముందు తన లెవెల్‌లో ఒక ఇంక్రిమెంట్ కలిపితే 36,500. లెవెల్ 7 మొదలయ్యేదే 44,900 దగ్గర కాబట్టి జీతం అక్కడ పడుతుంది. అంటే నెలకు 9,500, దాని మీద డీఏ అదనం (35వ రూలు కింద అధికారి దీన్ని తగ్గించవచ్చు, అది వేరే తలనొప్పి). అదే మనిషికి, అదే కుర్చీకి ‘కరెంట్ డ్యూటీస్’ అని రాస్తే సున్నా.

ఆఫీసులు కనిపెట్టిన మరో దారి ‘సొంత జీతం మీదనే’ అని ఉత్తర్వులో కలపడం. హర్యానాలో పి.గ్రోవర్‌ను యాక్టింగ్ జిల్లా విద్యాధికారిగా ప్రమోట్ చేసి ఈ షరతు పెట్టారు. దానికి ఆధారమే లేదని, ఆ పోస్టు జీతం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1983లో చెప్పింది. అయితే గోవాకు చెందిన రామకాంత్ అద్వల్‌పాల్కర్ కేసులో 1991లో అదే కోర్టు గాలి తిప్పింది: ఇన్‌ఛార్జి అంటే ప్రమోషన్ కాదు, ఛార్జి అలవెన్సే తప్ప ఆ పోస్టు జీతం రాదని.

1998లో ఉద్యోగుల వైపు రెండు తీర్పులొచ్చాయి. సెల్వరాజ్ అండమాన్‌లో ప్రైమరీ టీచరు. ఆయన చేత స్కౌట్స్ సెక్రటరీ పని చేయించుకున్నారు. చేయించుకున్న పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలన్న సూత్రం మీద జీతం తేడా ఇప్పించారు. చండీగఢ్ హరి ఓం శర్మ కేసులో ‘పై జీతం అడగను’ అని ఉద్యోగి రాసిచ్చిన హామీపత్రమే చెల్లదంది కోర్టు. ఆదర్శ యజమానిగా ఉండాల్సిన ప్రభుత్వం అలాంటి వాదన చేయకూడదంది. 2014లో మాత్రం తమిళనాడు రవాణా సంస్థ ఉద్యోగి ఎ.ఫ్రాన్సిస్ ఓడిపోయారు. బాధ్యత అప్పగించిన ఉత్తర్వులోనే ఎక్కువ జీతం రాదని స్పష్టంగా ఉండటమే కారణం. మళ్లీ 2017లో పంజాబ్‌కు చెందిన ధరమ్‌పాల్ కేసులో అలాంటి షరతున్నా పై పోస్టు జీతం ఇవ్వాలని తీర్పు వచ్చింది.

ఈ తీర్పుల్లో ఒకే గీత వెతికితే దొరకదనే మా అభిప్రాయం. అయినా క్లెయిములు ఎక్కువగా ఓడేది సిద్ధాంతం దగ్గర కాదు, కాగితం దగ్గర. నియమించే అధికారం లేని స్థానిక అధికారి సంతకంతో వచ్చిన ఇన్‌ఛార్జి మెమోను ట్రెజరీలోనో ఆడిట్‌లోనో కొట్టేస్తారు. నోటిమాట ఛార్జికైతే ఆ మెమో కూడా ఉండదు. అందుకే ఉత్తర్వు చేతికి రాగానే చూడాల్సినవి సంతకం ఎవరిది, రూలు నంబరు ఉందా, పూర్తి అదనపు బాధ్యత అన్నారా, ఆ పోస్టుకు చట్టపరంగా ఉన్న అధికారాలు ఇచ్చారా అన్నవి. కరెంట్ డ్యూటీస్ మీద ఉన్నవారు ఆ అధికారాలు వాడకూడదు. వాడమని పైనుంచి ఒత్తిడి వస్తే దాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి, పూర్తి ఛార్జి అని వాదించడానికి రేపు అదే పనికొస్తుంది.

ఛార్జి తీసుకున్న, అప్పగించిన తేదీల సర్టిఫికెట్లు, ఆ హోదాలో సంతకం చేసిన బిల్లులు, ప్రొసీడింగ్స్ కాపీలు దాచుకోవాలి. దరఖాస్తు ఛార్జిలో ఉండగానే పెట్టాలి. రిటైరయ్యాక అడిగితే, కేసు గెలిచినా పాత బకాయిలను కోర్టులు సాధారణంగా పిటిషన్ వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తాయి.