ఎవాల్యుయేట్ అంటే లాభనష్టాల జాబితా కాదు: మార్కెటింగ్ పరీక్షలో అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో డిగ్రీ, ఎంబీఏ పిల్లలకు మార్కెటింగ్ చెబుతాను. పేపర్లు తిరిగి ఇచ్చిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: "సార్, అన్నీ రాశాను కదండీ, మార్కులెందుకు పడలేదు?" మొన్న టెక్కలి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇంటర్నల్ పేపర్ పట్టుకుని కళ్లనీళ్లతో నిలబడింది. ఏడు పేజీల జవాబుకి పదికి నాలుగు మార్కులు. రాసినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. కానీ ప్రశ్న అడిగింది అది కాదు.

అపోహ: ఎవాల్యుయేట్ అంటే అర్థం, లాభాలు, నష్టాలు రాసి, చివర్లో కన్‌క్లూజన్ అని హెడ్డింగ్ పెడితే చాలు.

వాస్తవం: ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. లాభనష్టాలు చెప్పడం వివరణే అవుతుంది. ఎవాల్యుయేట్ అంటే ఒక కొలబద్ద పెట్టుకుని, ఇచ్చిన పరిస్థితిని దాంతో కొలిచి, తీర్పు చెప్పాలి. తెలుగు పేపర్లో "మూల్యాంకనం చేయండి" అని ఉన్నా ఇదే పని.

ఆ ప్రశ్న ఇది. పలాసలో ఒక వ్యాపారి జీడిపప్పు హోల్‌సేల్‌గా అమ్ముతున్నాడు. ఇప్పుడు సొంత బ్రాండ్ ప్యాకెట్లతో విశాఖ మార్కెట్‌కి వెళ్లాలనుకుంటున్నాడు. పెనెట్రేషన్ ప్రైసింగ్, అంటే మొదట తక్కువ ధరతో మార్కెట్లోకి దిగడం, అతనికి సరిపోతుందా, ఎవాల్యుయేట్ చేయండి. అంకెలు లెక్క కోసం నేను వేసినవే, మార్కెట్ రేట్లు కావు: కిలోకి ఖర్చు 700 రూపాయలు, పోటీ బ్రాండ్ల ధర 900, ఇతను అనుకున్న ధర 750. పోటీవాళ్ల ధరకే అమ్మితే నెలకి 1,000 కిలోలు పోతాయని అంచనా. ఫ్యాక్టరీ నెలకి 2,500 కిలోలకు మించి చేయలేదు.

ఆ అమ్మాయి పెనెట్రేషన్ ప్రైసింగ్ నిర్వచనం, ఐదు లాభాలు, ఐదు నష్టాలు రాసింది. పలాస వ్యాపారి మాత్రం ఏడు పేజీల్లో ఎక్కడా కనిపించలేదు.

ఇద్దరం కూర్చుని మళ్లీ మొదలుపెట్టాం. కొలబద్దగా కాంట్రిబ్యూషన్, అంటే అమ్మిన ధరలోంచి ఖర్చు పోగా నెలకి మిగిలేది, తీసుకున్నాం. 900కి అమ్మితే కిలోకి 200 మిగులుతుంది, 1,000 కిలోలకి 2 లక్షలు. 750కి అమ్మితే మిగిలేది 50 మాత్రమే. అదే 2 లక్షలు రావాలంటే 4,000 కిలోలు అమ్మాలి. ఫ్యాక్టరీ చేయగలిగేది 2,500. అంతా అమ్ముడైనా వచ్చేది 1,25,000.

అంటే ఈ ధర ఇతనికి సరిపోదు. అక్కడితో ఆగకుండా, ఎప్పుడు సరిపోతుందో కూడా చెప్పాలి. 2,500 కిలోల మీద 2 లక్షలు మిగలాలంటే కిలోకి 80 రావాలి, అంటే ఖర్చు 670కి దిగాలి. పెద్ద మొత్తంలో కొనడం వల్ల ఖర్చు అంత తగ్గితే తీర్పు మారొచ్చు. ఇంకో కొలబద్ద బ్రాండ్ మీద నమ్మకం. జీడిపప్పు మరీ చవగ్గా కనిపిస్తే, గుండుకి బదులు ముక్కలు కలిపారేమోనని కొనేవాళ్లు అనుమానపడే ప్రమాదం ఉంది. అందుకని ధర 900 దగ్గరే ఉంచి, పరిచయం కోసం 100 గ్రాముల చిన్న ప్యాకెట్‌కే కొన్నాళ్లు తగ్గింపు ఇవ్వడం మేలని తేల్చాం.

ప్రశ్నలో కేసు, అంకెలు లేకపోతే ఎలా అని అడుగుతారు. అప్పుడు కొలబద్దని మీరే ఎంచుకుని మొదటి పేరాలో చెప్పండి: లాభం, మార్కెట్ వాటా, బ్రాండ్ ఇమేజ్‌లలో రెండు చాలు.

అపోహ: డిస్కస్ అంటే తెలిసిందంతా రాసేయడం.

వాస్తవం: అది సీనియర్లు వాట్సాప్‌లో తిప్పే మాట, నమ్మకండి. ఒక అభిప్రాయం మీద అవునని, కాదని వాదించేవాళ్ల కారణాలను ఎదురెదురుగా నిలపాలి. ఒక పక్షమే రాస్తే సగం జవాబే.

అపోహ: కంపేర్‌కి ఒక పేజీ స్కిమ్మింగ్, ఒక పేజీ పెనెట్రేషన్.

వాస్తవం: అవి రెండు విడి వ్యాసాలు, పోల్చే పని దిద్దేవాడి మీద పడుతుంది. ఒక్కో అంశానికీ రెండింటినీ ఒకే వాక్యంలో తేవాలి: మొదటి ధర స్కిమ్మింగ్‌లో ఎక్కువగా పెట్టి క్రమంగా దించుతారు, పెనెట్రేషన్‌లో తక్కువతో మొదలవుతుంది. పోలికలు కూడా రాయాలి: రెండూ కొత్త వస్తువుని మార్కెట్లోకి తెచ్చేటప్పుడు వాడే పద్ధతులే. టేబుల్ వేసుకోవచ్చు, కానీ ఆ తేడా ఎందుకు వస్తుందో కింద ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి.

ఆ అమ్మాయి తర్వాతి వారం అదే జవాబు మళ్లీ రాసి తెచ్చింది. రెండున్నర పేజీలుంది. మొదటి వాక్యం ఇది: "ఈ వ్యాపారికి 750 ధర సరిపోదు, ఎందుకంటే కావలసినంత సరుకు అతని ఫ్యాక్టరీ చేయలేదు."