పెళ్లి ఊళ్లోనా, హాల్లోనా? ముందు పూటల లెక్క వేయండి

చి. చిట్టీకి, నానీకి,

నాన్నమ్మ ఆశీస్సులు.

అక్క పెళ్లి మన ఊళ్లో ఇంటి ముందు పందిరి వేసి చేయాల్సిందేనని మీరిద్దరూ పట్టుబట్టారట. మీ నాన్నేమో బెజవాడలో ఫంక్షన్ హాల్ మాట్లాడేస్తానంటున్నాడు. ఫోన్‌లో అరుచుకుంటుంటే తేలే విషయం కాదిది, అందుకే కాగితం తీసుకుని రాస్తున్నాను. పెద్దావిడ కదా, ఊరివైపే మొగ్గుతుందని మీరు ధీమాగా ఉన్నారేమో. నేనింకా ఎటూ మొగ్గలేదు. ముందు లెక్క చూద్దాం.

పెళ్లి ఖర్చంటే అందరూ మొదట హాలు అద్దె సంగతే మాట్లాడతారు. నేనైతే ముందు పూటలు లెక్కపెడతాను. ఎంతమందికి ఎన్ని పూటలు పెట్టాలి, ఎంతమందికి పడక చూపించాలి, ఈ రెండూ తేలితే మిగతావన్నీ వాటంతటవే తేలతాయి. హాల్లో ప్లేటు ఖరీదు ఎక్కువ, పూటలు తక్కువ. ఊళ్లో భోజనం చవక, కానీ పూటలు తెగవు. రాట పాతిన దగ్గర్నుంచి అప్పగింతలయ్యేదాకా దగ్గర బంధువులు ఇంట్లోనే ఉంటారు. టిఫిన్లు, భోజనాలు, మధ్యలో కాఫీలు. పొయ్యి ఆరదు.

మీ నాన్న పంపిన ధరలు పట్టుకుని బెజవాడ హాలు లెక్క వేశాను. అద్దె రెండున్నర లక్షలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 45 వేలు. కరెంటు మీటరు రీడింగ్ చూసి వేరే తీసుకుంటారు. జనరేటర్ డీజిల్, క్లీనింగ్ కూడా కలిపితే ఇంకో 50 వేలు. రాత్రి భోజనాలు 600 ప్లేట్లు, ప్లేటు 650 చొప్పున 3,90,000. పగలు దగ్గరవాళ్లు 150 మందికి టిఫిన్లు, భోజనాలు 80 వేల పైచిలుకు. మండపం అలంకరణ లక్షన్నర. హాల్లో గదులు పదే ఉన్నాయి కాబట్టి మిగతావాళ్లకి లాడ్జి గదులు, ఓ 40 వేలు. మొత్తం పది లక్షలు దాటుతోంది.

ఊళ్లో అయితే అసలు భోజనానికి 800 మంది వస్తారు. ఎందుకంటే మన ఊరు మొత్తాన్ని పిలవాలి, పిలిస్తే వస్తారు. సరుకులూ వంటవాళ్ల కూలీ కలిపి మనిషికి 300 వేసుకున్నా 2,40,000. రెండున్నర రోజులు ఉండే 150 మందికి ఏడు పూటలు. అంటే వెయ్యికి పైగా భోజనాలు, అవొక 1,68,000. పందిరి, కుర్చీలు, లైట్లు, జనరేటర్ 2,20,000. మండపం 80 వేలు. మగపెళ్లివారికి బస్సులు 70 వేలు. నీళ్ల ట్యాంకర్లకీ, తాత్కాలిక బాత్రూములకీ 40 వేలు. ఇంటికి సున్నాలు, బాత్రూముల రిపేరు 1,20,000. కూడితే 9,40,000 దగ్గర తేలింది.

చూశారా, తేడా 70 వేలకి కాస్త అటూ ఇటూ. అదీ ఎంతసేపు నిలుస్తుంది? ఊళ్లో చేస్తే అక్క ఆఫీసువాళ్లు చాలామంది రారు. వాళ్లకి హైదరాబాద్‌లో రిసెప్షన్ పెట్టాలి, 200 మందికైనా లక్షన్నర. పోనీ బెజవాడలో చేస్తే ఊరివాళ్లలో సగం మందికి పైగా రారు. వాళ్లకి తర్వాత ఊళ్లో ఒక పూట భోజనం పెట్టకపోతే మాట వస్తుంది, అదొక లక్ష. అటు తిప్పి ఇటు తిప్పి రెండూ ఒకచోటికే వచ్చాయి. ఊళ్లో చేస్తే డబ్బు మిగులుతుందన్న మీ మాట నిలవలేదు, హాలే సుఖమైన బేరం అన్న మీ నాన్న మాటా నిలవలేదు. సున్నాలకి పెట్టింది ఇంటికే ఉంటుంది కదా అంటారేమో, నిజమే, ఆ మేరకు ఊరికి ఓ మార్కు వేసుకోండి.

కాబట్టి డబ్బు సంగతి పక్కన పెట్టి నీళ్ల సంగతికి రండి. నవ్వకండి. పెళ్లి మే నెలలో, వైశాఖంలో. 150 మంది ఊళ్లో రాత్రి పడుకుంటే తెల్లారి ఐదుకీ ఏడుకీ మధ్య అందరికీ స్నానాలు కావాలి. మనిషికి 40 లీటర్లే అనుకున్నా ఆరు వేల లీటర్లు. మన డాబా మీదున్న సింటెక్స్ ట్యాంకు పట్టేది వెయ్యి. బోరు మోటారు దాన్ని నింపడానికి అరగంట తీసుకుంటుంది, అదీ కరెంటు ఉంటే. ఆరుసార్లు నింపాలంటే మూడు గంటలు. వెనకటికి మగపెళ్లివారికి విడిదిల్లంటే ఊళ్లో నాలుగిళ్లు ఖాళీ చేసి ఇచ్చేవారు, కాలవకో బావికో వెళ్లి స్నానాలు చేసేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే పెళ్లికొడుకు మేనత్తని బకెట్ పట్టుకుని లైన్లో నిలబెడతామా? మన వీధిలో అటాచ్డ్ బాత్రూములున్న ఇళ్లు మూడు. నేను పోయి చూసే రాస్తున్నాను.

రెండోది చేతులు. మీ నాన్న పెళ్లి ఊళ్లోనే చేశాం. దొడ్లో బారెడు గాడి పొయ్యి తవ్వి, దానిమీద గుండిగలు ఎక్కించారు. అన్నం వార్చి, పరిచిన గడ్డి మీద తెల్లగుడ్డ వేసి దానిమీద రాశి పోసేవాళ్లు. వంట మేస్త్రి ఆ రాశి పక్కన నిలబడి బంతికి బంతికీ మధ్య దాన్నే చూసేవాడు. మోకాలి కిందకి దిగిందంటే ఇంకో గుండిగకి ఎసరు పెట్టమనేవాడు. అనుకోకుండా యాభై మంది ఎక్కువొచ్చినా ఆ ముప్పావుగంటలో సర్దుకునేది. ఊరి పెళ్లికున్న పెద్ద సుఖం అదే, ఇంకొకరి అనుమతి అక్కర్లేదు. కానీ ఆ రోజు వడ్డించింది ఊళ్లో కుర్రాళ్లు పాతికమంది. వాళ్ల పిల్లలు ఇప్పుడు బెంగళూరులోనూ, డల్లాస్‌లోనూ ఉన్నారు. ఇప్పుడు ఊళ్లో చేసినా వడ్డించేది తెల్లచొక్కాల కేటరింగ్ పిల్లలే. తాటాకు పందిరి అయితే ఎండకి చల్లగా ఉండేది, అది కట్టే మనుషులు మన చుట్టుపక్కల ఇద్దరో ముగ్గురో మిగిలారు. షామియానా కింద మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సాయంత్రం గాలివాన వచ్చిందంటే అదీ ఉండదు.

ఇంకో మాట. ఇల్లు పెళ్లిల్లయితే ఆడవాళ్లు పెళ్లి చూడరు. మీ పెద్దత్త పెళ్లిలో తలంబ్రాలు పోస్తున్నప్పుడు నేను స్టోరు గదిలో నెయ్యి డబ్బా తాళంచెవి వెతుకుతున్నాను. ఆ పెళ్లి నేను ఫోటోల్లో చూశాను. మీ అమ్మకి అలా జరగకూడదని నా పంతం.

అలాగని హాలువాళ్లు దేవుళ్లు కాదు. మన ముహూర్తం రాత్రి 1 గంట 40 నిమిషాలకి. హాలు 24 గంటలు ఇస్తామంటారు, కానీ చాలాచోట్ల అది ఉదయం ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది దాకా. మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతి దర్శనం, మిగతా తంతు అయ్యేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. తర్వాత కాసేపు నడుం వాల్చి అప్పగింతలకి కూర్చునేసరికి ఏడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాలు పోను మంచి ముహూర్తాలు కొన్ని రోజుల్లోనే గుంపుగా పడతాయి కాబట్టి, మర్నాడు కూడా అదే హాల్లో ఇంకో పెళ్లి ఉంటుంది. ఆ మధ్య మన చుట్టాలింట్లో ఇదే అయింది. ఇక్కడ పిల్ల తల్లిని పట్టుకుని ఏడుస్తుంటే, అక్కడ డెకరేషన్ కుర్రాళ్లు స్టూలెక్కి మండపం పూలు పీకుతున్నారు, తర్వాతి పెళ్లివాళ్ల సామాను గుమ్మంలో దిగుతోంది.

ప్లేట్ల గొడవ ఇంకోటి. 600 అని చెబితే 450 మంది వచ్చినా 600కే కట్టాలి. మినిమమ్ గ్యారంటీ అంటారు దాన్ని. ఎక్కువొస్తే ఎక్కువకి కట్టాలి. ఎంతమంది తిన్నారో వాళ్లే చెబుతారు. పిల్లలు రెండో ప్లేటు తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. మన మనిషి ఒకడు భోజనాలు మొదలుకాకముందు ప్లేట్ల దొంతరలు లెక్కపెట్టి, అయ్యాక మిగిలినవి లెక్కపెడితే ఆ గొడవే ఉండదు. ఆ పని నానీది. చెప్పేది మాత్రం 500 చెప్పమంటాను, యాభై దాకా పెరిగినా అదే ధరకి పెట్టేలా ముందే మాట్లాడుకోవాలి.

ఇదంతా చూశాక నాకు తోచింది తెనాలి. అక్కడ కల్యాణ మండపాలున్నాయి, బెజవాడ కంటే అద్దె తక్కువ. మన ఊరు ఎనిమిది కిలోమీటర్లే కాబట్టి సాయంత్రం బస్సులు పెట్టి ట్రిప్పులు తిప్పితే ఊరంతా భోజనానికి వచ్చి, ఇళ్లకి వెళ్లి పడుకోవచ్చు, మళ్లీ ఊరి భోజనం అక్కర్లేదు. హైదరాబాద్ వాళ్లకి రైలు స్టేషన్ అక్కడే, దిగి ఆటో ఎక్కితే చాలు. పెళ్లికూతుర్ని చేయడం, పందిరి రాట, గౌరీపూజ మాత్రం మన ఇంటి దగ్గరే, ముందురోజు. దానికి యాభై అరవై మందే కాబట్టి మన ట్యాంకు చాలు, గాడి పొయ్యి కూడా తవ్విస్తాను, మీకు వీడియో తీసుకునే సరదా తీరుతుంది. ఇంటిముందు చిన్న తాటాకు పందిరికి మనిషిని అడిగాను, ఒప్పుకున్నాడు.

ఇదే పెళ్లి మాఘంలో పడి, ముహూర్తం పగలు పదింటికి అయ్యుంటే, వచ్చేవాళ్లలో ఎక్కువమంది సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయేవాళ్లయితే, ఊళ్లోనే చేయమని మీకంటే గట్టిగా నేనే చెప్పేదాన్ని. పడకలు అక్కర్లేని పెళ్లికి ఇంటిని మించింది లేదు.

మీ నాన్న ఆదివారం తెనాలి వెళ్తానన్నాడు. అడ్వాన్సు ఇవ్వకముందు ఒకే ఒక్కటి కాగితం మీద రాయించుకోమనండి: ఉదయం ఎనిమిదికి బదులు మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు దాకా హాలు ఇస్తారా లేదా. కుదరదంటే ఆ నాలుగు గంటలకి అదనంగా ఎంతో అక్కడే తేల్చుకుని రమ్మనండి. నోటిమాట మీద నమ్మి రాకూడదు.

ఇట్లు,
మీ నాన్నమ్మ