ముందు ఏ కోర్సు, తర్వాత ఏ కోర్సు?

మెషీన్ లెర్నింగ్ చదవాలనుకున్న విద్యార్థిని సిలబస్ పుస్తకం తెరిచింది. కోర్సు పేరు కింద చిన్న అక్షరాల్లో ‘ప్రీరిక్విజిట్: అల్గారిథమ్స్, ప్రాబబిలిటీ’ అని ఉంది. ఆ రెండూ పూర్తి చేసినవాళ్లకే ఇందులో ప్రవేశం. అల్గారిథమ్స్ పేజీకి వెళ్తే అక్కడ మరో రెండు పేర్లు కనిపించాయి. వాటి పేజీలు తిప్పితే మళ్లీ ఇంకేవో పేర్లు. చివరికి ఏది ముందు చదవాలో, ఏది తర్వాత చదవాలో తేల్చుకోవడమే ఒక లెక్కగా మారింది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావరకు ఏ సెమిస్టర్‌లో ఏమి చదవాలో ముందే కట్టి ఇస్తారు కాబట్టి ఈ లెక్క విద్యార్థికి కనిపించదు. సిలబస్ కట్టేవాళ్లు మాత్రం చేయక తప్పదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరిన మన పిల్లలకైతే చాలాసార్లు ఆ పని తమ మీదే పడుతుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడే పనులన్నింటినీ ఏ నియమమూ తప్పకుండా ఒక వరుసలో పెట్టడాన్ని కంప్యూటర్ శాస్త్రంలో టోపొలాజికల్ సార్ట్ అంటారు.

ఎనిమిది కోర్సులు తీసుకుందాం. మ్యాథ్స్-1కీ, ప్రోగ్రామింగ్‌కూ ముందు ఏమీ అక్కర్లేదు. డిస్క్రీట్ మ్యాథ్స్‌కూ, ప్రాబబిలిటీకీ మ్యాథ్స్-1 కావాలి. డేటా స్ట్రక్చర్స్‌కు ప్రోగ్రామింగ్ కావాలి. డేటాబేస్‌కు డేటా స్ట్రక్చర్స్ చాలు. అల్గారిథమ్స్‌కు డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ రెండూ రావాలి. మెషీన్ లెర్నింగ్‌కు ఏమి కావాలో పైన చూశాం. ఒక్కో కోర్సును ఒక చుక్కగా పెట్టి, ముందు చదవాల్సిన దాని నుంచి తర్వాతిదానికి బాణం గీస్తే మొత్తం ఎనిమిది బాణాలు వస్తాయి.

ఎనిమిది కోర్సులను 40,320 రకాలుగా పేర్చవచ్చు. ఒక్కో వరుసనూ తీసి సరిచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆర్థర్ కాన్ 1962లో ప్రచురించిన పద్ధతి ఎంత సూటిగా ఉంటుందంటే, కాగితం మీద పెన్సిలుతో చేసుకోవచ్చు. పెద్ద పెద్ద ప్రాజెక్టుల్లో పనుల వరుసను తేల్చడానికి ఆయన దాన్ని రాశారు.

ముందుగా ప్రతి కోర్సు పక్కన దానికి ఇంకా ఎన్ని ప్రీరిక్విజిట్లు బాకీ ఉన్నాయో రాయండి. మ్యాథ్స్-1, ప్రోగ్రామింగ్ పక్కన సున్నా. డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్ పక్కన ఒకటి. అల్గారిథమ్స్, మెషీన్ లెర్నింగ్ పక్కన రెండు. ఈ అంకెలన్నీ కూడితే ఎనిమిది రావాలి, ఎందుకంటే ప్రతి బాణమూ ఎక్కడో ఒకచోట ఒక బాకీయే. అలా రాకపోతే ఏదో బాణం మరిచిపోయినట్టు.

ఇక బాకీ సున్నా ఉన్న కోర్సులను క్యూలో నిలబెట్టండి. ముందున్న మ్యాథ్స్-1ను తీసి జవాబులో రాయండి. దాని నుంచి బయలుదేరే బాణాలను చెరిపేస్తే డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీల బాకీ తీరిపోతుంది. అవి రెండూ క్యూ చివర చేరతాయి. తర్వాత ప్రోగ్రామింగ్‌ను తీస్తే డేటా స్ట్రక్చర్స్ వచ్చి వాటి వెనక నిలబడుతుంది. డిస్క్రీట్ మ్యాథ్స్‌ను తీసినప్పుడు అల్గారిథమ్స్ బాకీ రెండు నుంచి ఒకటికి తగ్గుతుంది, అంతే. దానికి ఇంకా క్యూలో చోటు లేదు. ప్రాబబిలిటీని తీస్తే మెషీన్ లెర్నింగ్‌కూ అదే జరుగుతుంది. డేటా స్ట్రక్చర్స్‌ను తీశాకనే అల్గారిథమ్స్, డేటాబేస్ రెండూ విడుదలవుతాయి. ఆ రెంటి తర్వాత చిట్టచివరగా మెషీన్ లెర్నింగ్ వస్తుంది.

ప్రతి కోర్సునూ ఒక్కసారే తీశాం, ప్రతి బాణాన్నీ ఒక్కసారే చెరిపాం. కోర్సులు, బాణాలు కలిపి లక్ష ఉన్నా పని ఆ లక్షకు తగ్గట్టే పెరుగుతుంది. వచ్చిన వరుస ఒక్కటే సరైనదని కాదు. మొదట ప్రోగ్రామింగ్‌ను తీసి ఉంటే వేరే వరుస వచ్చేది, అదీ అంతే సరైనది.

ఇప్పుడు చిక్కు చూద్దాం. డేటా స్ట్రక్చర్స్ చెప్పే అధ్యాపకుడు, చెట్లూ గ్రాఫులూ అర్థం కావాలంటే డిస్క్రీట్ మ్యాథ్స్ ముందే వచ్చి ఉండాలన్నారు. డిస్క్రీట్ మ్యాథ్స్ చెప్పే ఆవిడ, తన ల్యాబ్ అభ్యాసాలకు డేటా స్ట్రక్చర్స్ ముందే వచ్చి ఉండాలన్నారు. ఎవరి మాట వారికి సబబే. రెండూ కలిస్తే పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెత సిలబస్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

కాన్ పద్ధతి దీన్ని తనంతట తానే పట్టిస్తుంది. మ్యాథ్స్-1, ప్రోగ్రామింగ్, ప్రాబబిలిటీ బయటికి వస్తాయి. ఆ తర్వాత క్యూ ఖాళీ. ఎనిమిదింటిలో మూడే తేలి, అయిదు మిగిలిపోయాయంటే ఎక్కడో చక్రం ఉందన్నమాట. అయితే మిగిలిన అయిదూ దోషులు కావు. డేటాబేస్, అల్గారిథమ్స్, మెషీన్ లెర్నింగ్ పాపం చక్రం వెనక చిక్కుకున్నాయి, అంతే. అసలు చక్రం దొరకాలంటే వెనక్కి నడవాలి. మిగిలిన వాటిలో ఏదో ఒకటి, మెషీన్ లెర్నింగ్ అనుకోండి, దాని తీరని బాకీ ఏదో చూడండి. అల్గారిథమ్స్. దాని తీరని బాకీల్లో ఒకటి డేటా స్ట్రక్చర్స్. దానిది డిస్క్రీట్ మ్యాథ్స్. దానిది మళ్లీ డేటా స్ట్రక్చర్స్. పేరు తిరిగి వచ్చింది, చక్రం దొరికింది. మిగిలిన ప్రతి కోర్సుకూ మిగిలినవాటిలోనే కనీసం ఒక బాకీ ఉంటుంది కాబట్టి ఈ నడక మధ్యలో ఆగదు. కోర్సులు పరిమితం కాబట్టి ఏదో ఒకటి మళ్లీ ఎదురుపడక తప్పదు. ముందుకు నడిస్తే ఆ హామీ లేదు. డేటాబేస్ దాకా వెళ్లి దారి మూసుకుపోవచ్చు.

ఆ కొత్త నియమాలు రెండూ తీసేసి మన విద్యార్థిని దగ్గరకు వద్దాం. వరుస తెలిసింది సరే, ఎన్ని సెమిస్టర్లు పడుతుంది? ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, మెషీన్ లెర్నింగ్ ఒకదాని వెనక ఒకటిగా సాగే నాలుగు మెట్లు. ఎంత తొందరపడినా నాలుగు సెమిస్టర్లకు తగ్గదు. సెమిస్టర్‌కు ఎన్ని కోర్సులైనా తీసుకోనిస్తే ఆ నాలుగు చాలు కూడా.

రెండే తీసుకోవాలన్న పరిమితి పెట్టండి. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్-1, ప్రోగ్రామింగ్. రెండోదానికి మూడు కోర్సులు సిద్ధంగా ఉన్నాయి. క్యూలో ముందున్న డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీలను తీసుకుంటే మూడో సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ ఒక్కటే మిగులుతుంది. నాలుగోదానిలో అల్గారిథమ్స్, డేటాబేస్, అయిదోదానిలో మెషీన్ లెర్నింగ్. నియమం ఎక్కడా తప్పలేదు, కానీ ఒక సెమిస్టర్ వృథా. రెండోదానిలో డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ తీసుకుని ఉంటే మూడోదానిలో అల్గారిథమ్స్, ప్రాబబిలిటీ, నాలుగోదానిలో మెషీన్ లెర్నింగ్, డేటాబేస్‌తో చదువు ముగిసేది. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్‌ల వెనక ఇంకా రెండేసి మెట్లున్నాయి, ప్రాబబిలిటీ వెనక ఒకటే ఉంది. తేడా అదే.

వెనక ఎక్కువ మెట్లున్నదాన్ని ముందు తీసుకోవాలన్న సూత్రం ఇక్కడ పనిచేసింది గాని, అదొక్కటే ప్రతిచోటా చాలదు. సమానంగా ఉన్నవాటిలో దేన్ని ఎంచుకోవాలన్నది కూడా ముఖ్యమే. సెమిస్టర్‌కు రెండు కోర్సుల పరిమితి ఉన్నప్పుడు ఎల్లప్పుడూ అతి తక్కువ సెమిస్టర్లే వచ్చేలా, చివరి కోర్సుల నుంచి వెనక్కి అంకెలు వేసుకుంటూ వచ్చే పద్ధతిని కాఫ్‌మన్, గ్రాహమ్ 1972లో ఇచ్చారు. పరిమితిని మూడుకు పెంచండి. కోర్సుల సంఖ్య పెరిగినా చేతికందే సమయంలో కచ్చితమైన జవాబిచ్చే పద్ధతి ఉందో లేదో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు.