ముక్కు చీదితే చెవి ఎందుకు టప్పుమంటుంది?

జలుబు చేసి అది మూడో రోజు. కుడివైపు ముక్కు పూర్తిగా దిబ్బడ వేసింది, ఎడమవైపు కాస్త గాలి ఆడుతోంది. విసుగొచ్చి, రుమాలుతో ముక్కు రెండు వైపులా గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క చీదు చీదాను. వచ్చింది కాస్తంత చీమిడి. దాంతోపాటు కుడి చెవిలో టప్పుమని చప్పుడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ చెవిలో దూది కుక్కినట్టే ఉంది. నా మాట నాకే కుండలోంచి వినిపించింది. చీదింది ముక్కు కదా, మూసుకుపోయింది చెవి ఎందుకు?

ముక్కు వెనక భాగానికీ చెవికీ మధ్య ఒక సన్నని గొట్టం ఉంది. దాన్ని యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. ఒక కొస ముక్కు వెనక, అంగిలికి పైన తెరుచుకుంటుంది. రెండో కొస కర్ణభేరి వెనకున్న చిన్న గాలి గదిలోకి, అంటే మధ్యచెవిలోకి చేరుతుంది. మామూలుగా ఈ గొట్టం మూసుకునే ఉంటుంది. మనం గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో అంగిలి దగ్గరి కండరం ఒకటి దాన్ని క్షణంపాటు లాగి తెరుస్తుంది. ఆ క్షణంలో కాస్త గాలి అటూ ఇటూ మారి, కర్ణభేరికి రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. విమానం దిగేటప్పుడు గుటక వేస్తే చెవి తేలికపడేది ఇందుకే.

గొట్టం లోపలి పొర మీద కంటికి కనపడని నూగు ఉంటుంది. అది మధ్యచెవిలో ఊరే తేమను ఎప్పుడూ ముక్కు వైపే నెడుతూ ఉంటుంది. అంటే ఇక్కడ మామూలు దారి చెవి నుంచి ముక్కుకి. గట్టిగా చీదినప్పుడు మనం చేసేది ఆ దారిలో ఎదురు తోలడం.

ఎంత గట్టిగా? దీన్ని కొలిచినవాళ్లున్నారు. 2000లో వెలువడిన ఒక పరిశోధనలో కొందరు పెద్దవాళ్ల ముక్కులో ఒత్తిడిని మూడు సందర్భాల్లో చూశారు. తుమ్మినప్పుడు సగటున 4.6 మిల్లీమీటర్ల పాదరసం, దగ్గినప్పుడు 6.6. చీదినప్పుడు మాత్రం 66. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. ఇల్లంతా అదిరేలా తుమ్మే మనిషి ముక్కులో ఒత్తిడి చీదే మనిషి ముక్కులోని దానిలో పద్నాలుగో వంతు మాత్రమేనా? కాస్త ఆలోచిస్తే విడ్డూరమేమీ లేదు. తుమ్మేటప్పుడు నోరు, ముక్కు రెండూ తెరిచే ఉంటాయి కాబట్టి గాలి ఎంత వేగంగా వచ్చినా బయటికి దారి ఉంటుంది. చీదేటప్పుడు నోరు మూస్తాం, ముక్కు నొక్కుతాం, పైగా జలుబుతో లోపలంతా వాచి ఇరుకై ఉంటుంది. వెనక నుంచి ఊపిరితిత్తులు తోస్తూనే ఉంటాయి. దారి లేని గాలి ఒత్తిడిగా మారుతుంది. 66 మిల్లీమీటర్ల పాదరసం అంటే దాదాపు 90 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. నీళ్లలో అంత లోతుకు తల ముంచితే కర్ణభేరి మీద బయటి నుంచి పడే ఒత్తిడి అంత. చీదినప్పుడు చెవి గొట్టం తెరుచుకుంటే అదే లోపలి వైపు నుంచి పడవచ్చు.

అదే పరిశోధనలో ఇంకో పని కూడా చేశారు. స్కాన్‌లో స్పష్టంగా కనిపించే ద్రవాన్ని నలుగురి ముక్కు వెనక భాగంలో వేసి, చీదమని, తుమ్మమని, దగ్గమని చెప్పి, ఆ తర్వాత సీటీ స్కాన్ తీశారు. చీదాక నలుగురిలోనూ ఆ ద్రవం ఏదో ఒక సైనస్‌లోకి, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదిలోకి చేరింది. తుమ్ము, దగ్గు తర్వాత చేరలేదు. ఒక్క చీదుతో ఒక మిల్లీలీటరు దాకా చిక్కటి ద్రవం బుగ్గ ఎముకలోని సైనస్‌లోకి పోవచ్చని వాళ్లు లెక్కగట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ స్కాన్‌లు చూసింది సైనస్‌లనే, చెవిని కాదు. కాబట్టి “గట్టిగా చీదితే చెవిపోటు వచ్చి తీరుతుంది” అనడం తప్పు. జలుబులో చెవికి చీము పట్టడానికి ముఖ్య కారణం వేరే. వైరస్ వల్ల గొట్టం లోపలి పొర వాచి మూసుకుపోతుంది. మధ్యచెవిలోని గాలిని చుట్టూ ఉన్న పొర పీల్చేసుకుంటుంది, కొత్త గాలి రాదు. లోపల ఒత్తిడి తగ్గి కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది, నీరు ఊరుతుంది. ఆ నీటిలో బాక్టీరియా పెరిగితే చీము. అసలు చీదని పసిపిల్లలకు కూడా చెవిపోటు వచ్చేది ఇలాగే. బలంగా చీదడం చేసేదల్లా ఈ కథకు తోడవడం. ముక్కు వెనక భాగంలో న్యుమోకోకస్ లాంటి బాక్టీరియా చాలామందిలో ఏ హానీ చేయకుండా కాపురం ఉంటాయి. వాటిని చీమిడితో సహా చెవి గొట్టంలోకి తోసేస్తే, సూక్ష్మజీవులు పాతవే అయినా చేరకూడని చోటికి చేరతాయి.

చెవి గొట్టం తెరుచుకోవడానికి అంత ఒత్తిడి కూడా అక్కర్లేదు. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని మెల్లగా ఊదితే చాలు చెవులు టప్పుమనడం ఈతగాళ్లకు, విమానాల్లో తిరిగేవాళ్లకు తెలుసు. దీనికి వల్సాల్వా పద్ధతి అని పేరు. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఆంటోనియో వల్సాల్వా 1704లో వచ్చిన తన చెవి గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆయన దాన్ని వాడింది చెవిలోని చీమును బయటికి తోయడానికి. కర్ణభేరికి చిల్లు ఉన్న రోగి ముక్కు మూసుకుని ఊదితే గాలి ముక్కు నుంచి చెవిలోకి పోయి, చీమును ఆ చిల్లులోంచి బయటికి నెడుతుందన్నమాట. జలుబులో రెండు వైపులా నొక్కిపట్టి చీదేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే, కాకపోతే వాళ్లకు ఆ సంగతి తెలియదు. చిల్లు లేదు కాబట్టి లోపలికి పోయింది లోపలే ఉంటుంది.

ఇప్పుడు నా చెవి సంగతి అర్థమవుతుంది. కుడివైపు దారి లేదు. ఎడమవైపు ఉన్న కాస్త దారిని నా వేళ్లే నొక్కేశాయి. ముక్కు వెనక ఒత్తిడి పెరిగి కుడి చెవి గొట్టాన్ని విప్పింది, గాలి లోపలికి దూరి కర్ణభేరిని బయటికి తోసింది. ఆ టప్పు చప్పుడు అదే. గాలి ఒక్కటే పోతే రెండు మూడు గుటకలతో తిరిగొచ్చేస్తుంది. రెండు రోజులు దిబ్బడ ఉందంటే గొట్టం వాచి ఉండాలి, గాలి వెంట కాస్త చీమిడి కూడా పోయి ఉండవచ్చు. చెవి తెరుచుకోవాలని నేను మళ్లీ మళ్లీ ముక్కు మూసుకుని ఊదాను. అది ఇంకా పెద్ద తెలివితక్కువ పని. జలుబు ఉన్నన్నాళ్లూ చెవి దిబ్బడకు ఊదడం కాదు, గుటకలు, ఆవలింతలే మందు.

మరి ఎలా చీదాలి? ముందు చీమిడి పలచబడాలి. గట్టిపడి అంటుకున్నదాన్ని గాలితో పెకలించాలని చూడటం వల్లే బలం వాడాల్సి వస్తుంది. పావు లీటరు కాచి చల్లార్చిన నీటిలో అర టీస్పూన్‌కు కాస్త తక్కువ ఉప్పు కలిపి, ఒక్కో వైపు కొన్ని చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగితే చాలు. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలూ ఇవే. నీళ్లు కాచినవే ఎందుకంటే, ముక్కులోకి పోయే నీటికి తాగే నీటి కంటే ఎక్కువ శుభ్రత కావాలి. అరుదుగానైనా మెదడుకు ఎక్కే ఒక అమీబా ముక్కు దారినే పోతుంది.

తర్వాత కూర్చుని లేదా నిలబడి, తల కొంచెం ముందుకు వంచాలి. కాస్త బాగున్న వైపుతో మొదలుపెట్టాలి. రెండో వైపు రెక్కను పక్క నుంచి వేలితో నొక్కి మూయాలి, చీదే వైపును మాత్రం ఏమాత్రం నొక్కకూడదు. రుమాలును ముక్కు ముందు వదులుగా పట్టుకోవాలి. నోరు కొద్దిగా తెరిచి ఉంచాలి, లోపల ఒత్తిడి పెరిగితే గాలికి అదొక దారి. పెద్ద ఊపిరి తీసుకోకుండా, మామూలు ఊపిరిని ఒకటి రెండు సెకన్లపాటు ముక్కులోంచి బయటికి వదలాలి. ఒకే వైపు నుంచి పోయే గాలికి వేగం ఎక్కువ కాబట్టి, మెల్లగా వదిలినా చీమిడిని లాక్కొస్తుంది. ఇలా రెండు మూడు సార్లు చేసి రెండో వైపుకు మారాలి.

ఏమీ రాకపోతే ఆపేయాలి. ఇది చాలామందికి మింగుడుపడదు. ముక్కు దిబ్బడ అంటే లోపల చీమిడి నిండి ఉందని అనుకుంటాం. జలుబులో ఆ దిబ్బడ చాలావరకు ముక్కు లోపలి పొర రక్తంతో ఉబ్బడం వల్ల వచ్చేది. వాపును చీది బయటికి తీయలేం. పైగా రెండు వైపులూ కొన్ని గంటలకోసారి వంతులవారీగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. ఇప్పుడు మూసుకున్న వైపు కాసేపటికి దానంతటదే తెరుచుకోవచ్చు. చీదేటప్పుడు చెవిలో బిగువు తెలిసినా, టప్పుమన్నా, కళ్ల వెనక నొక్కినట్టున్నా బలం ఎక్కువైందని గుర్తు.

చీదడం మానేసి ఎగబీల్చుకుంటే సరిపోతుందా? అప్పుడప్పుడు ఫరవాలేదు, మింగినా కడుపులోని ఆమ్లం సంగతి చూసుకుంటుంది. కానీ బలంగా ఎగబీల్చడం అలవాటైతే చెవి గొట్టంలోంచి గాలి బయటికి లాగబడి కర్ణభేరి లోపలికి గుంజుకుంటుంది. ఈ విషయంలో పిల్లలను ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. పసివాళ్లలో ఆ గొట్టం పెద్దవాళ్ల దానిలో సగం పొడవే, దాదాపు అడ్డంగా ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు చీదడం రాదు కూడా. వాళ్లకు సెలైన్ చుక్కలు వేసి పలచబడ్డాక తుడవడం, అవసరమైతే రబ్బరు బల్బుతో మెల్లగా లాగడం మేలు. మాట వినే వయసు వచ్చాక, నోరు మూయించి ముక్కుతో దూదిపింజను ఎగరేయమంటే ముక్కులోంచి గాలి వదలడం ఆటలా వచ్చేస్తుంది. అది పట్టుబడ్డాక ఒక్కో వైపు మూయడం, నోరు కాస్త తెరవడం నేర్పించవచ్చు.

చెవి దిబ్బడ ఒక్కటే ఉండి, జలుబుతోపాటు తగ్గుతూ వస్తుంటే కంగారు పడక్కర్లేదు. చెవిలో పోటు మొదలైనా, జ్వరం వచ్చినా, చెవి కారినా, వినికిడి బాగా తగ్గినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పసిపిల్లలు నొప్పి చెప్పలేరు. జలుబు తగ్గుతుండగా మళ్లీ జ్వరం రావడం, రాత్రంతా ఏడుస్తూ చెవి లాక్కోవడం చూస్తే చెవి చూపించాలి. ఇటీవల చెవికో, సైనస్‌కో ఆపరేషన్ అయినవాళ్లు, కంటి దగ్గరి ఎముక విరిగినవాళ్లు సర్జన్ సరేననే దాకా మెల్లగా కూడా చీదకూడదు. అలాంటప్పుడు కారేదాన్ని తుడుచుకోవడమే, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మడమే.