నేతి ముద్దకు నిలిచే పెదవి రంగు

"పెళ్లి భోజనం చేసి అద్దం చూసుకుంటే పెదవుల మధ్య రంగంతా పోయి, చుట్టూ గీత మాత్రం మిగులుతోంది. ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు విస్తట్లోనే ఉంది: నెయ్యి.

పెదవి అంచు గీసే లిప్ లైనర్‌లో ఉండేది రంగు పొడి, మైనం, కాస్త నూనె. లిప్‌స్టిక్‌ కంటే మైనం ఎక్కువ కనుక గట్టిగా ఉంటుంది, గీసినచోటే నిలుస్తుంది. అయినా అది పెదవి మీద పూతే. నీళ్లకు లొంగని మైనం నూనెకు లొంగుతుంది. అంచుకు ముద్ద అంతగా తగలదు కాబట్టి అక్కడి గీత బతికిపోతుంది.

పెదవిలోకి ఇంకే రంగు అయిన లిప్ స్టెయిన్ దారి వేరు. గోరింటాకును గుర్తుచేసుకోండి. ముద్ద రాలిపోయాక మిగిలే ఎరుపు చర్మం మీద లేదు, చర్మంలో ఉంది. ఆకులోని లాసోన్ అనే పదార్థం చర్మపు పై పొరలోని కెరటిన్ అనే ప్రోటీన్‌తో కలిసిపోతుంది. అరచేతిలో ఆ పొర మందం, అందుకే అక్కడ బాగా పండుతుంది. ఎర్రగా పండితే మంచి మొగుడు వస్తాడని పిల్లలకు చెప్పే బదులు ఈ సంగతి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పండటం ఆకును బట్టి, ఉంచిన సమయాన్ని బట్టి, చర్మాన్ని బట్టి ఉంటుంది.

స్టెయిన్‌లోనూ నీటిలోనో ఆల్కహాల్‌లోనో కరిగిన రంగు పెదవి పై పొరలోకి ఇంకుతుంది. చాలా వాటిలో వాడే ఇయోసిన్ జాతి రంగుల అణువులకు రుణావేశం ఉంటుంది. అవి ప్రోటీన్లలోని ధనావేశ భాగాలను అంటిపెట్టుకుంటాయి. అలా పట్టిన రంగును నెయ్యి అంత సులువుగా లాగలేదు. కాకపోతే పెదవి పై పొర చాలా పలచన, త్వరగా రాలుతుంది. అందుకే అరచేతిలో వారాలు నిలిచే ఎరుపు ఇక్కడ ఒకటి రెండు రోజులు కూడా ఉండదు.

టింట్ ఈ రెండింటి మధ్యది. కొంత రంగు ఇంకుతుంది, కొంత జిగురు పొరగా పైన నిలుస్తుంది. భోజనంలో మెరుపు పోయి లేత రంగు మిగులుతుంది. పేర్లను నమ్మకండి. మోచేతి కింద ఈ మూడింటితో ఒక్కో గీత గీసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి, చుక్క నెయ్యి రాసి తుడవండి. తుడిచాక మిగిలిందే స్టెయిన్.

కాబట్టి పాఠకురాలు వరుస మార్చాలి. ముందే బామ్ రాస్తే ఆ జిడ్డు రంగును లోపలికి పోనివ్వదు. తడిగుడ్డతో పొట్టు మెల్లగా తీసి, పొడిగా అద్ది, స్టెయిన్ పలచగా రాసి ఆరనివ్వాలి. పైన మిగిలినది కాగితంతో అద్ది, మరో పూత వేయాలి. లైనర్ ఆ తర్వాతే, బామ్ చివరన. పగిలిన పెదవులైతే ఆ రోజుకు స్టెయిన్ మానండి. పగుళ్లలో రంగు చేరి ముదురు చారలవుతాయి. పెదవి లోపలి అంచు ఎప్పుడూ తడిగా ఉంటుంది కనుక అక్కడ రంగు పట్టక తెల్లచార మిగులుతుంది. పూత ఆరేదాకా నోరు కొద్దిగా తెరిచి ఉంచితే ఆ తెల్లచార సన్నబడుతుంది.