ఏడున్నర కాలికి ఏడా, ఎనిమిదా?

బూట్లలో నా నంబరు ఏడున్నర. హనుమకొండ చౌరస్తాలో చెప్పుల దుకాణానికి వెళ్లి అదే అడిగితే, కౌంటరు దగ్గరి పెద్దాయన నవ్వి, "చెప్పుల్లో అరలు ఉండవు సార్, ఏడు లేదంటే ఎనిమిది" అన్నాడు. ఏది తీసుకోమంటారని అడిగితే ఎనిమిదే తీసుకోమన్నాడు. నా వెంట వచ్చిన తమ్ముడిదీ ఏడున్నరే. చివరికి నేను ఏడు తీసుకున్నాను, వాడు ఎనిమిది తీసుకున్నాడు. ఇద్దరిదీ సరైన ఎంపికే. ఎందుకో చెప్పాలంటే ముందు నంబరు సంగతి చూడాలి.

మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే 6, 7, 8 అనే వరుస బ్రిటిష్ వాళ్లది. మూడు బార్లీ గింజలను పొడవుగా పేరిస్తే అంగుళం అన్న పాత లెక్క మీద అది నడుస్తుంది. ఒక్కో నంబరుకూ తేడా ఒక గింజ, అంటే అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అర నంబరంటే సుమారు 4 మిల్లీమీటర్లు. పెన్సిల్ మందంలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ నంబరు కొలిచేది మన పాదాన్ని కాదు, బూటు కుట్టడానికి వాడే పాదం నమూనాను. ఏడో నంబరు నమూనా 27.1 సెంటీమీటర్లు, ఎనిమిదోది 27.9. నా పాదం 26.2 సెంటీమీటర్లు. వేళ్ల ముందు 1.3 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే 27.5 అవుతుంది. అది సరిగ్గా ఏడున్నర.

బూటు పాదాన్ని నాలుగు వైపులా మూసేస్తుంది కాబట్టి ఆ 4 మిల్లీమీటర్లు అక్కడ బాధ పెడతాయి: బిగుతైతే గోరు నొక్కుకుంటుంది, వదులైతే మడమ జారుతుంది. చెప్పుకు ముందూ వెనకా గోడల్లేవు. పైగా అచ్చులో పోసి చేసే చెప్పులకు ఒక్కో నంబరుకూ వేరే అచ్చు కావాలి, ఆ అచ్చు ఖరీదైనది. దుకాణదారు కూడా ప్రతి రంగులోనూ మరో నాలుగైదు నంబర్లు నిల్వ పెట్టుకోవాలి. వంద, రెండొందల రూపాయల వస్తువు కోసం ఆ శ్రమ ఎవరూ పడరు. కొన్ని విదేశీ కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి 39/40, 41/42 అని రెండు నంబర్లనూ ఒకే చెప్పులో సర్దేస్తాయి.

మధ్యలో పడిన పాదానికి చాలామంది ఇచ్చే సలహా "పెద్దది తీసుకో". హవాయి చెప్పు విషయంలో ఇది సగం సార్లే నిజం. ఆ చెప్పులో పాదాన్ని ఆపేది కొసా కాదు, మడమా కాదు. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య దూరే కాడ. నడుస్తుంటే పాదం ముందుకు జరిగి, వేళ్ల సందు ఆ కాడకు తగిలాక ఆగుతుంది. అందుకే పాదం మొత్తం పొడవు కన్నా వేళ్ల సందు నుంచి మడమ చివర దాకా ఉన్న పొడవే అసలు కొలత. వేళ్లు పొడుగ్గా ఉన్నవారికి ఇది తక్కువ, పొట్టివేళ్లవారికి ఎక్కువ. మొత్తం పొడవు ఒకటే అయినా సరే.

ఆ రోజు ఇంటికి రాగానే పరీక్షించాం. గోడకు మడమ ఆనించి, నేల మీద పరిచిన పాత వార్తాపత్రిక మీద నిలబడాలి. కూర్చుని కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ఒంటి బరువు పడితేనే పాదపు వంపు కిందికి దిగి పాదం కాస్త సాగుతుంది. సాయంత్రం కొలిస్తే ఇంకా మంచిది, పగలంతా తిరిగిన పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. వేళ్ల సందులో పెన్సిల్ నిలువుగా పెట్టి గుర్తు గీసుకుని, గోడ నుంచి ఆ గుర్తు దాకా స్కేలుతో కొలవాలి. రెండు పాదాలూ కొలిచి పెద్దది తీసుకోవాలి. నాది 21.5 సెంటీమీటర్లు వచ్చింది, తమ్ముడిది 22.1.

ఇక చెప్పులు. కాడ వెనక అంచు నుంచి మడమ అంచు దాకా కొలిస్తే ఏడో నంబరులో 21.8, ఎనిమిదిలో 22.5 ఉంది. నాకు ఏడులో మడమ వెనక 3 మిల్లీమీటర్లు మిగులుతుంది. తమ్ముడికి అదే చెప్పులో మడమ 3 మిల్లీమీటర్లు బయటికి వేలాడుతుంది, ఎనిమిదిలో మాత్రం 4 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఇంకో సంగతి కూడా తేలింది. ఎనిమిదో నంబరు చెప్పు ఏడు కన్నా 9 మిల్లీమీటర్లు పొడవు. అందులో 7 కాడకు వెనకే పెరిగింది, ముందు పెరిగింది రెండే. కొస తగిలి పడిపోతామని పెద్ద నంబరుకు భయపడేవాళ్లు ఈ లెక్క చూసి కాస్త ఊరట పడవచ్చు.

అంత మాత్రాన పెద్దది ఎప్పుడూ క్షేమం అనుకోకూడదు. నంబరుతో పాటు పట్టీ పొడవు కూడా పెరుగుతుంది. సన్నపాదం వాళ్లకు అది వదులై, చెప్పు జారకుండా వేళ్లు తెలియకుండానే ముడుచుకుని పట్టుకుంటాయి. మెట్లు దిగాక వేళ్ల కింది భాగం అలసినట్టు ఉంటే కారణం అదే. వెడల్పు పాదం వాళ్లది ఇందుకు తిరగబడిన సమస్య. పట్టీ పాదం మీద ఎర్రని గీత వేస్తుంటే పొడవు సరిపోయినా పెద్ద నంబరే మేలు, ఎందుకంటే రబ్బరు పట్టీ తోలు పట్టీలా వాడకంలో సాగి సర్దుకోదు. చిన్న నంబరు చేసే హాని మడమ దగ్గర కనిపిస్తుంది. అడుగు వేసినప్పుడు మడమ కింది కొవ్వు మెత్త పక్కలకు విస్తరిస్తుంది. దాని కింద చెప్పు లేకపోతే అంచు కోసుకున్నట్టు నొక్కుతుంది. అప్పటికే ఎండిన చర్మమైతే అక్కడే పగుళ్లు మొదలవుతాయి. కొద్ది రోజులు వాడిన చెప్పును తిప్పి చూడండి. మడమ అంచు మాత్రమే నలిగి కిందికి వంగి ఉంటే అది మీకు చిన్నది.

కాడ లేకుండా పైన అడ్డపట్టీ మాత్రమే ఉండే చెప్పులకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ పాదాన్ని పట్టేది పట్టీ బిగువే కాబట్టి అది వదులవనంత వరకే పెద్ద నంబరుకు వెళ్లాలి. వెనక పట్టీ ఉన్న సాండల్స్‌లో బిగింపు మన చేతిలో ఉంటుంది, పెద్దది తీసుకున్నా నష్టం తక్కువ. అయితే చుట్టూ గట్టులా లేచిన అంచు ఉంటే బయటి పొడవు కాదు, ఆ గట్టుల మధ్య పొడవు చూడాలి. వేలి కొస గట్టు మీదికి ఎక్కితే ఎంత బిగించినా సుఖం ఉండదు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు అసలు కాడ ఉన్నవి మానేసి, వెనక పట్టీ ఉన్న, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన చెప్పుల గురించి డాక్టరును అడగాలి. వేళ్ల సందులో పుండు పడినా వారికి తెలియకపోవచ్చు.

ఇంత కొలిచీ నేనొక పొరపాటు చేశాను. ఏడో నంబరు చెప్పులతో పాటు ఇంట్లో వాడుకోవడానికి తేలికైన ఫోమ్ చెప్పుల జత ఒకటి కొన్నాను. ఈవీఏ అనే ప్లాస్టిక్‌ను గాలిబుడగలతో ఉబ్బించి చేసేవి అవి. వేడి తగిలితే ఆ బుడగల గోడలు మెత్తబడి ముడుచుకుంటాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం వరంగల్ ఎండలో తలుపులు మూసిన కారులో వాటిని మరిచిపోయాను. సాయంత్రం తీసి వేసుకుంటే మడమ బయటే ఉంది. స్కేలు పెడితే దాదాపు సెంటీమీటరు తగ్గాయి. ఇప్పుడు అవి ఆరో నంబరు, మా అమ్మ వేసుకుంటోంది.