మరుపు మొదలైనప్పుడే మళ్లీ చదవాలి

పిల్లలూ, ఇప్పుడు నవంబరు. మార్చిలో మీకు పబ్లిక్ పరీక్షలు. రోజుకు ఎన్ని గంటలు చదవాలన్నది మీ ఇళ్లలో అమ్మానాన్నలు చెబుతూనే ఉంటారు కాబట్టి నేను ఆ లెక్కలోకి వెళ్లను. చదివే గంటలు అవే అయినా, వాటిని ఒక రాత్రిలో కుక్కితే ఏమవుతుంది, నాలుగు నెలల మీద పరిస్తే ఏమవుతుంది అన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం. దీన్ని జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసినవాళ్లు కొలిచి చూశారు.

మొదట కొలిచినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. ఆయన తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. అర్థమున్న పదాలైతే కొన్ని ముందే తెలిసి ఉంటాయి కనుక, ఏ అర్థమూ లేని చిన్న చిన్న అక్షర గుచ్ఛాలను తయారు చేసుకుని, వాటిని వరుసగా తప్పు లేకుండా అప్పజెప్పగలిగే వరకు చదివేవాడు. కొంత విరామం తర్వాత అదే వరుసను మళ్లీ నేర్చుకుని, మొదటిసారితో పోలిస్తే ఎంత శ్రమ ఆదా అయిందో చూసేవాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయింది. ఒక రోజు గడిస్తే మూడో వంతు మాత్రమే మిగిలింది. కానీ నెల గడిచాక కూడా అది 21 శాతం దగ్గరే ఉంది. ఆయన 1885లో ప్రచురించిన ఈ ఫలితాల్లో మీరు గమనించాల్సింది ఆ జారుడు ఆకారాన్ని. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజున వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది. మీ పాఠాలకు అర్థం ఉంటుంది కాబట్టి అవి ఇంత త్వరగా చెరిగిపోవు. అయినా తీరు మాత్రం ఇదే.

ఆయన చేసిన మరో లెక్క మీకు ఇంకా దగ్గరిది. పన్నెండు గుచ్ఛాల వరుసను ఒకే రోజు 68 సార్లు చదివితే మర్నాడు ఎంత ఆదా కనిపించిందో, అదే చదువును మూడు రోజులకు పంచి మొత్తం 38 సార్లు చదివినా దాదాపు అంతే ఆదా కనిపించింది. అంటే ముప్ఫై సార్లు చదివే శ్రమ మిగిలిపోయింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా పద్యాల మీద, పరభాషా పదాల మీద, గణితం మీద ఎందరో ఇలాంటి ప్రయోగాలు చేశారు. ఎడం ఇచ్చి చదివిన చదువే ఎక్కువ కాలం నిలుస్తుందని మళ్లీ మళ్లీ తేలింది.

మరి ఇంత తేలికైన విషయాన్ని ఎవరూ ఎందుకు పాటించరు? మన మనసు మనకు తప్పుడు కబురు చెబుతుంది, అందుకు. దీన్ని కాస్త నిదానంగా వినండి, మీ చదువంతా ఇక్కడే తప్పుదారి పడుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులకు ఒక విజ్ఞాన విషయం మీద చిన్న వచనం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతల్లో వచనం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవాళ్లే ముందున్నారు: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే, రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వారం తర్వాత నీకెంత గుర్తుంటుందని ముందుగా అడిగినప్పుడు ఎక్కువ ధీమాగా ఉన్నది నాలుగుసార్లు చదివినవాళ్లే.

ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చింది? రెండోసారి, మూడోసారి చదివేటప్పుడు వాక్యాలు పరిచయమైనవిగా అనిపిస్తాయి, కళ్లు పుట మీద సాఫీగా సాగిపోతాయి. ఆ సాఫీతనాన్ని మనం ‘వచ్చేసింది’ అనుకుంటాం. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం ఒక పని, ఎదురుగా లేనిదాన్ని లోపలి నుంచి బయటికి తీయడం ఇంకో పని. పరీక్ష హాల్లో మీకు కావలసింది రెండోది. గైడు తెరిచి జవాబు చదివి ‘ఇది నాకు తెలుసు’ అని పుట తిప్పిన ప్రతిసారీ మీరు మొదటిదాన్నే సాధన చేస్తున్నారు. ఇంత సేపు చదివినా పేపరు చూడగానే ఏమీ గుర్తు రాలేదు సార్ అని ఏటా పిల్లలు ఏడుస్తూ నా దగ్గరికి వస్తారు. వాళ్లు సోమరులు కారు. నిజంగానే చదివారు, కానీ బయటికి తీసే సాధన ఒక్కసారి కూడా చేయలేదు.

ఇప్పుడు ఒక పాఠాన్ని తీసుకుని ఇదంతా ఎలా చేయాలో చూద్దాం. భౌతిక శాస్త్రంలో కటకాల పాఠం నిన్న సోమవారం పూర్తయిందనుకోండి. ఆ రాత్రే పుస్తకం మూసి, ఒక తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయండి: కుంభాకార కటకం బొమ్మ, నాభ్యాంతరం అంటే ఏమిటో, కటక సూత్రం 1/f = 1/v − 1/u. పది నిమిషాలు చాలు. తర్వాత పుస్తకం తెరిచి, రాయలేకపోయినవాటిని, తప్పుగా రాసినవాటిని ఎర్ర సిరాతో దిద్దండి. దిద్దకపోతే తప్పు కూడా గట్టిపడుతుంది, ఈ మెట్టు వదలకండి.

రెండు రోజులాగి గురువారం, పుస్తకం చూడకుండా ఒక లెక్క చేయండి. నాభ్యాంతరం 20 సెం.మీ. ఉన్న కుంభాకార కటకానికి 60 సెం.మీ. దూరంలో వస్తువు ఉంది, ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది? వస్తు దూరానికి రుణ సంజ్ఞ వేయాలి, u = −60. అప్పుడు 1/v = 1/20 − 1/60 = 1/30, కాబట్టి v = 30 సెం.మీ. ఎక్కువమంది ఆ రుణ సంజ్ఞ మరచి 15 అని తెస్తారు. మీకూ 15 వచ్చిందంటే ఎక్కడ జారుతున్నారో నవంబరులోనే తెలిసిపోయినట్టు. వారం దాటాక వస్తువును కటకానికి 10 సెం.మీ. దూరంలో పెట్టి అదే లెక్క చేయండి. v = −20 వస్తుంది. ఆ రుణ సంజ్ఞకు అర్థం ఏమిటి? ప్రతిబింబం వస్తువు ఉన్న వైపే ఏర్పడింది, అది మిథ్యా ప్రతిబింబం. ఈ మాటను పుస్తకం చూడకుండా మీ సొంత వాక్యంలో రాయగలిగితే పాఠం మీ చేతికి వచ్చినట్టే. ఆ తర్వాత డిసెంబరు మొదట్లో ఒకసారి, జనవరి చివర్లో ఒకసారి పావుగంట చొప్పున చాలు.

ఈ ఎడాలు రాతిమీద చెక్కినవి కావు. కాగితం ముందు కూర్చున్నప్పుడు కాస్త తడుముకుని, శ్రమపడి గుర్తు తెచ్చుకోగలిగితే ఎడం సరిగ్గా ఉంది. తడుముకోకుండానే అంతా వచ్చేస్తే తొందరపడి మళ్లీ చదువుతున్నారు, ఇంకొంచెం ఆగండి. అసలేమీ రాకపోతే ఎడం మరీ ఎక్కువైంది, తర్వాతిసారి త్వరగా రండి. ఆ తడుముకోవడం చూసి భయపడే పిల్లలే ఎక్కువ. నిజానికి జ్ఞాపకం గట్టిపడుతున్నది అప్పుడే.

గణితంలో ఇంకో చిక్కు ఉంది. ఒక అభ్యాసంలోని లెక్కలన్నీ వరుసగా చేస్తే, ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పనే ఉండదు, అధ్యాయం పేరే చెప్పేస్తుంది. పరీక్ష పేపరులో ఆ పేరు ఉండదు. స్తంభం నీడ పొడవు ఇచ్చి ఎత్తు అడిగితే, అది సరూప త్రిభుజాల లెక్కా, త్రికోణమితి లెక్కా అన్నది మీరే తేల్చుకోవాలి. పక్కనే ఇంకో కర్ర ఎత్తు, దాని నీడ ఇస్తే మొదటిది. సూర్యకిరణాలు నేలతో చేసే కోణం ఇస్తే రెండోది. ఈ తేల్చుకోవడం కూడా సాధనతోనే వస్తుంది. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనాకారాల ఘనపరిమాణాల మీద ఇదే పరీక్షించారు. ఒక్కో రకం లెక్కలను వరుసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేసి, వారం తర్వాతి పరీక్షలో 20 శాతానికి పడిపోయారు. అన్ని రకాలనూ కలగలిపి చేసినవాళ్లు సాధనలో 60 శాతమే తెచ్చుకున్నా, పరీక్షలో 63 శాతం తెచ్చుకున్నారు. కాబట్టి వారానికి ఒకరోజు నాలుగైదు అధ్యాయాల నుంచి తలా ఒక లెక్క తీసి, వరుస మార్చి చేయండి.

దీనికి హద్దులూ ఉన్నాయి. అర్థం కాని పాఠాన్ని ఎడం ఇచ్చి ఎన్నిసార్లు రాసినా ప్రయోజనం లేదు. అలాంటిది ఉంటే ఈ వారమే నా దగ్గరికి రండి. రాత్రంతా కూర్చుని బట్టీ పట్టినది మర్నాడు ఉదయం కొంత గుర్తుంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒక్క పాఠానికి ఒక్క పరీక్ష అయితే అది గట్టెక్కిస్తుంది కూడా. కానీ పదో తరగతిలో ఏడాది పాఠాలన్నీ ఒక్కసారి మీద పడతాయి, అన్నీ ఒక రాత్రిలో పట్టవు. పైగా నిద్ర చెడుతుంది. చదివిన తర్వాత నిద్రపోయినవాళ్లు, అంతే సేపు మేలుకుని ఉన్నవాళ్లకన్నా తక్కువ మరచిపోతారని జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే చూపించారు. ఇక గాభరా సంగతి. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే కార్టిసోల్ అనే హార్మోను, లోపల ఉన్న జ్ఞాపకాన్ని బయటికి తీసే పనికే అడ్డు పడుతుంది. పేపరు చూడగానే ‘అంతా ఖాళీ అయిపోయింది’ అనిపించడానికి ఇదొక కారణం. తల్లిదండ్రులకూ ఈ మాట చెప్పండి. పరీక్షల ముందు రోజుల్లో ఇంట్లో కేకలు పెరిగితే నష్టపోయేది మీ మార్కులే.

జనవరి దాకా ఏమీ మొదలుపెట్టనివాళ్లు కూడా ఈ తరగతిలో కొందరు ఉంటారు. వాళ్లూ ఇదే పద్ధతిని చిన్న ఎడాలతో చేయవచ్చు: ఈరోజు రాసింది ఎల్లుండి, తర్వాత వారానికి, ఆ తర్వాత రెండు వారాలకు. పాఠాలు అన్నీ అందకపోతే అందినన్నే తీసుకోండి. అన్నిటినీ ఒకసారి పైపైన చదవడం కన్నా, కొన్నిటిని మూడుసార్లు పుస్తకం మూసి రాయడం వల్ల పేపరు మీద ఎక్కువ దిగుతుంది.

పరీక్ష ముందు రోజు కొత్తది ఏదీ తెరవకండి. నవంబరు నుంచి మీరు ఎర్ర సిరాతో దిద్దుకున్న కాగితాలు ఉంటాయి కదా, వాటిలో దిద్దిన చోట్లు మాత్రమే చూసుకోండి. ఆ సబ్జెక్టులో మీరు జారే చోట్లన్నీ అక్కడే ఉంటాయి, గంట గంటన్నరలో అయిపోతాయి. తర్వాత హాల్ టికెట్, పెన్నులు సర్దుకుని, ఎప్పుడూ పడుకునే వేళకే పడుకోండి. ఇప్పుడు నోటు పుస్తకాలు తీయండి, నిన్నటి పాఠంలో ఏమేం గుర్తున్నాయో పుస్తకం చూడకుండా రాద్దాం.